కుట్టిన చేతి పేరునే ఖాతా ఉండాలి

కర్నూలు పాతబస్తీలో ఒక ఇరుకు సందు. అక్కడ రెండు గదుల ఇంట్లో ఒక సోదరి పదేళ్లుగా బురఖాలు, అబాయాలు కుడుతున్నారు. రంజాన్ ముందు రెండు నెలలు మిషన్ ఆగదు. మిగతా కాలమంతా దుకాణదారు దయ. దుకాణదారు గుడ్డ ఇచ్చి, అబాయాకు ఇంతని కూలి కట్టి తీసుకుపోతాడు. అదే అబాయా అతని అద్దాల బీరువాలో ఎంతకు అమ్ముడుపోతున్నదో ఆమెకు తెలుసు. ఒకనాడు ఆమె మమ్మల్ని పిలిపించి, ఫోనులో ఆన్‌లైన్ మార్కెట్ పేజీ ఒకటి చూపించారు. "దీంట్లో నేనే అమ్ముకుంటే కాదా?" అన్నది ఆమె ప్రశ్న.

అవుతుంది. కాకపోతే మేము వెళ్లేసరికే ఆ ఇంట్లో ఒక నిర్ణయం సగం జరిగిపోయి ఉంది. ఆమె మరిది సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నారు. ఆయనకు జీఎస్టీ నంబరుంది, కరెంటు ఖాతా ఉంది, ఇంగ్లీషు వచ్చు. "వదినా, నా పేరున తెరిచేద్దాం, అరగంట పని" అన్నారట. ఆయన మంచివారే, మాటలో కపటం లేదు. అయినా మేము వద్దన్నాం. ఎందుకు వద్దన్నామో, దానికి బదులు ఏం చేయించామో, ఎక్కడెక్కడ తడబడ్డామో ఈ నెల పాఠకులతో పంచుకోదలిచాం. మన ఇళ్లలో ఇదే నిర్ణయం ఇదే తీరున జరిగిపోతుండడం మేము చాలాచోట్ల చూస్తున్నాం.

అమ్మకందారు ఖాతా అనేది వట్టి ఫోను నంబరు కాదు. అది ఒక పాన్ నంబరుకు కట్టిన ముడి. ఆ ఖాతాలో జరిగే ప్రతి అమ్మకం ఆ పాన్ గల మనిషి వ్యాపారంగా, ఆదాయంగా ప్రభుత్వ లెక్కల్లో నమోదవుతుంది. డబ్బు కూడా ఆ మనిషి బ్యాంకు ఖాతాలోకే చేరుతుంది. కొనుగోలుదారులు ఇచ్చే చుక్కలు, పొగడ్తలు, రెండేళ్లలో పేరుకున్న నమ్మకం, అన్నీ ఆ ఖాతాకే అంటిపెట్టుకొని ఉంటాయి. రేపు ఇల్లు వేరుపడినా, మరిది వేరే ఊరు వెళ్లినా, ఆ నమ్మకాన్ని మూటగట్టి వదిన చేతికివ్వడం కుదరదు. ఆమె మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టాలి. ఆయనకూ చిక్కే. ఒక పాన్ కింద జరిగే వ్యాపారమంతా ఒకే లెక్క గనుక, ఆయన జీఎస్టీ నంబరు మీద అమ్మే ప్రతి అబాయాకూ మొదటి రూపాయి నుండే పన్ను కట్టాలి. తన దుకాణం రిటర్నులో వదిన అబాయాలనూ చూపాలి.

ఇంతకీ ఆమె తన పేరున తెరవడానికి అడ్డేమిటి? జీఎస్టీ నంబరు లేకపోవడమే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. 2023 అక్టోబరు 1కి ముందు అది నిజమే. ఆన్‌లైన్ మార్కెట్ ద్వారా సరుకు అమ్మేవారు, అమ్మకం ఎంత చిన్నదైనా, జీఎస్టీ నమోదు చేసుకొని తీరాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. ఆ తేదీ నుండి చిన్న అమ్మకందారులకు దాన్ని సడలించారు. ఏడాది మొత్తం వ్యాపారం నమోదు పరిమితికి లోపు ఉన్నవారు జీఎస్టీ నమోదు లేకుండానే, ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఒకటి తీసుకొని అమ్ముకోవచ్చు. సరుకులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. జీఎస్టీ పోర్టల్‌లోనే పాన్ నంబరు, చిరునామా, వ్యాపారం చేసే రాష్ట్రం, మొబైలు, ఈమెయిలు ఇచ్చి ఈ నంబరు తీసుకోవచ్చు. ప్రభుత్వానికి కట్టవలసిన రుసుము లేదు. తర్వాత నెలనెలా రిటర్నుల బాధ కూడా లేదు. మీషో వంటి మార్కెట్లు ఈ నంబరుతో ఖాతా తెరవనిస్తున్నాయి. అన్ని మార్కెట్లూ, అన్ని రకాల సరుకులకూ తెరవనివ్వవు. ఖాతా తెరిచే పేజీలో జీఎస్టీ నంబరు గడి పక్కన ఎన్‌రోల్‌మెంట్ నంబరు గడి కూడా ఉందో లేదో చూసుకుంటే ఆ సంగతి తేలిపోతుంది.

అయితే ఈ వెసులుబాటుకు ఒక కంచె ఉంది. కర్నూలు వారికి అది ముఖ్యంగా గుచ్చుకుంటుంది. ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో సొంత రాష్ట్రం లోపలే అమ్మాలి. రాష్ట్రం దాటే ఆర్డరును మార్కెట్ తీసుకోనివ్వకూడదని నిబంధనలోనే ఉంది. అంటే మన సోదరి తన అబాయాను ఒడిశా అంచున ఉన్న ఇచ్ఛాపురానికి పంపవచ్చు. తుంగభద్ర వంతెన అవతలున్న అలంపురానికి పంపరాదు. కర్నూలు వ్యాపారానికి పెద్ద దిక్కయిన హైదరాబాదుకూ పంపరాదు. మరిది వాదనలో బలమంతా ఇక్కడే ఉంది. "నా నంబరైతే హైదరాబాదుకు కూడా వెళ్తుంది వదినా" అన్నారాయన. ఆ మాట అబద్ధం కాదు.

అందుచేత లెక్క వేసి చూశాం. హైదరాబాదు కావాలంటే ఆమే తన పేరున జీఎస్టీ నంబరు తీసుకోవచ్చు గదా? దానికీ ప్రభుత్వ రుసుము లేదు. అబాయా 750 రూపాయలకు అమ్మితే, అందులో 5 శాతం పన్ను కలిసి ఉందనుకుంటే, పన్ను 35 రూపాయల 71 పైసలవుతుంది. గుడ్డకు 320 ఖర్చయి, దానికి జీఎస్టీ బిల్లు ఉంటే, అందులోని 15 రూపాయల 24 పైసలు వెనక్కి సర్దుకోవచ్చు. చేతి నుండి పోయేది అబాయాకు 20 రూపాయలకు కాస్త పైన. భయపడవలసింది పన్నును చూసి కాదు. ఆ తర్వాతి దాఖలును చూసి. చిన్న వ్యాపారులు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు గాని, అమ్మకం లేని కాలానికి కూడా సున్నా రిటర్ను వేయాలి. మరిచిపోతే సున్నా రిటర్నుకు రోజుకు 20 రూపాయలు, అమ్మకం ఉన్న రిటర్నుకు రోజుకు 50 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. లెక్కలు చూసేవారు నెలకు 500 అడిగితే, నెలకు 25 అబాయాలు అమ్మేవారికి అబాయా ఒక్కింటికి మరో 20 రూపాయలు. నాలుగే అమ్మేవారికి 125. మేము చెప్పిన సలహా ఈ లెక్క మీద నిలబడినదే. మొదట ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో తెరవండి, రాష్ట్రంలోనే అమ్మండి, పని నేర్చుకోండి. నెలకు పాతిక ఆర్డర్లు నిలకడగా వచ్చిన నాడు మీ పేరునే జీఎస్టీ నమోదు చేసుకొని హైదరాబాదు తలుపు తెరవండి. నమోదు అమలులోకి వచ్చిన రోజు నుండి పాత ఎన్‌రోల్‌మెంట్ నంబరు చెల్లదు. కనుక మార్కెట్ ఖాతాలో కొత్త నంబరును వెంటనే మార్చుకోవాలి. జీఎస్టీ నమోదుకు వెళ్లేవారికి ఇంకో మాట. ఉండే ఇల్లే వ్యాపార స్థలమైతే కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో అడుగుతారు. అవి మామగారి పేరున ఉంటే ఆయన సమ్మతి పత్రం జతచేయాలి. కొందరిని బయోమెట్రిక్ పరిశీలనకు జీఎస్టీ సువిధా కేంద్రానికి రమ్మంటారు. అప్పుడు ఆమే వెళ్లాలి, మరిది వెళితే కుదరదు.

పన్ను దారి తేలింది గదా అనుకున్నాం. అసలు గోడ ఆ తర్వాత ఎదురైంది. అది ఆమె పేరు.

మన తెలుగు ముస్లిముల ఇళ్లలో షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ అనేవి పేరుకు ముందు నిలిచే ఇంటిమాటలు. వీటిని రాసే తీరు గుమాస్తాకొకటి. ఈ సోదరి పాన్ కార్డులో SHAIK అని పూర్తిగా ఉంది. బ్యాంకు పుస్తకంలో SK అని రెండక్షరాలే ఉన్నాయి. ఆధార్‌లో SHAIK ఉంది గాని, చివర "బేగం" చేరింది. పెళ్లి తర్వాత అత్తవారింట ఎవరో చేర్పించారు. ఇంట్లో ఎవరికీ ఇందులో తేడా కనిపించదు. యంత్రానికి మాత్రం వీరు ముగ్గురు వేర్వేరు స్త్రీలు.

బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చాక మార్కెట్ ఏం చేస్తుందంటే, ఆ ఖాతాలో ఒక రూపాయి వేస్తుంది. ఆ రూపాయితో పాటు ఖాతాదారు పేరేమిటో బ్యాంకు నుండి తిరిగి వస్తుంది. దాన్ని పాన్‌లో ఉన్న పేరుతో పోల్చి చూస్తుంది. సరిపోలితే ఖాతా సిద్ధం. సరిపోలకపోతే "ధ్రువీకరణ విఫలమైంది" అన్న ఒక్క వాక్యం వస్తుంది. ఎందుకు విఫలమైందో చెప్పదు. మనవాళ్లు ఖాతా సంఖ్య తప్పు కొట్టామేమోనని మళ్లీ మళ్లీ కొడతారు. కొన్ని ప్రయత్నాల తర్వాత పేజీ తాళం వేసుకుంటుంది. ఈ సోదరి విషయంలో మేమూ అదే తప్పు చేశాం. రెండుసార్లు కొట్టి చూశాం. మూడోసారి కొట్టబోతూ ఆమె ఫోనులో బ్యాంకు సందేశం చూశాం. రూపాయి జమ అయి ఉంది. రూపాయి చేరిందంటే ఖాతా సంఖ్యా, ఐఎఫ్ఎస్‌సీ కోడూ సరైనవే. తప్పు పేరులోనే ఉంది. పాఠకులు ఈ గుర్తును మరవవద్దు. రూపాయి వచ్చి కూడా ధ్రువీకరణ ఆగితే అది పేరు చిక్కు. రూపాయే రాకపోతే అంకెల చిక్కు.

దీనికి మందు మూడు కాగితాలనూ ఒకేసారి దిద్దించడం కాదు. ముందు ఏది స్థిరంగా ఉంచాలో తేల్చుకోవాలి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు. కనుక దాన్ని తొందరపడి ముట్టుకోకూడదు. పాన్ మార్చాలంటే సవరణ దరఖాస్తు, రుసుము, కొన్ని వారాల నిరీక్షణ. బ్యాంకులో పేరు సరిచేయించడం అన్నింటికన్నా తేలిక. శాఖకు పాన్, ఆధార్ నకళ్లు తీసుకెళ్లి, కేవైసీ వివరాలు సవరించమని రాసి ఇస్తే చాలు. పాన్‌తో ఆధార్ అనుసంధానమై ఉందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూశాం. అయి ఉంది. అంటే "బేగం" వల్ల అక్కడ ఇబ్బంది రాలేదు. కాబట్టి ఆధార్‌ను కదిలించలేదు. బ్యాంకులో మాత్రం పాన్‌లో ఉన్నట్టే, అదే అక్షరక్రమంలో, పేరు రాయించాం. పాన్‌లో తండ్రి పేరు, ఆధార్‌లో భర్త పేరు ఉండడం చూసి చాలామంది కంగారు పడతారు. పాన్ కార్డుపై పెళ్లయిన స్త్రీకి కూడా తండ్రి పేరే ముద్రిస్తారు. అది తేడా కిందికి రాదు.

పాన్, ఆధార్ అనుసంధానం లేనివారు మాత్రం ముందు ఆ పనే చూడాలి. ఆన్‌లైన్ మార్కెట్లు అమ్మకందారు డబ్బులో ఆదాయపు పన్ను కింద కొంత ముందే కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఏడాదిలో 5 లక్షలకు మించి అమ్మని వ్యక్తికి, పాన్ గాని ఆధార్ గాని ఇచ్చి ఉంటే, ఆ కోత లేదు. మించితే 0.1 శాతం. 2024 అక్టోబరు 1కి ముందు అది 1 శాతం ఉండేది. కాని పాన్ ఇవ్వకపోయినా, అనుసంధానం లేక అది నిష్క్రియమై ఉన్నా, ఈ కోత 5 శాతానికి పెరిగే ప్రమాదముంది. జీఎస్టీ నమోదు ఉన్నవారికి దీనికి తోడు మరో 0.5 శాతం జీఎస్టీ కింద పట్టుకుంటారు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు వారికి అది లేదు. పట్టుకున్నది పోయినట్టు కాదు. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని అంగీకరిస్తే మన నగదు ఖాతాలో చేరుతుంది. ఏడాది గడిచినా ఆ పేజీ తెరవని వ్యాపారులు మాకు తెలుసు.

ఇక సరుకుల జాబితా. దీన్నే అక్కడ క్యాటలాగ్ అంటారు. ఫొటోలు పెట్టడమే క్యాటలాగ్ అని మా సోదరి అనుకున్నారు. ఫొటోలది నిజానికి చిన్న భాగం. మనిషి మీద తొడిగి తీయనక్కర లేదు. తెల్లని గోడకు హ్యాంగరు తగిలించి, పగటి వెలుగులో, ముందూ వెనుకా, చేతి పనితనం దగ్గరగా తీస్తే చాలు. ఇంటర్నెట్‌లో దొరికిన దుబాయి అబాయా ఫొటో పెడితే మాత్రం రెండు విధాలా నష్టం. ఆ ఫొటో సొంతదారు ఫిర్యాదు చేస్తే జాబితా తొలగిపోతుంది. ఫిర్యాదు రాకపోయినా, ఫొటోలోది ఒకటి, చేతికందినది ఒకటి అయ్యేసరికి కొన్నవారు వాపసు పంపుతారు.

కొలతల గడి దగ్గరే అసలు నష్టం జరిగింది. అబాయా వ్యాపారంలో 52, 54, 56, 58 అన్నవి పొడవులు. భుజం నుండి అంచు దాకా అంగుళాలు. 56 అంటే సుమారు అయిదడుగుల నాలుగంగుళాల స్త్రీకి సరిపోయేది. కుట్టేవారికీ, కొట్టువారికీ, చార్మినార్ దగ్గర కొనేవారికీ ఇది తెలిసిందే. మార్కెట్ పట్టికలోని కొలత గడిలో మాత్రం చిన్నది, మధ్యది, పెద్దది, లేదా "Free Size" అన్నవే కనిపించాయి. ఆమె మొదటిసారి అన్నింటికీ "Free Size" పెట్టి, పేరులో 56 అని రాశారు. కొన్నవారిలో కొందరు 56ను ఛాతీ చుట్టుకొలత అనుకున్నారు. కొందరు అది వస్తువు నంబరనుకున్నారు. ఆ విడతలో పది ఆర్డర్లు వస్తే నాలుగు వాపసు వచ్చాయి. కారణం గడిలో నలుగురూ "సైజు సరిపోలేదు" అనే నొక్కారు. వాపసుల కారణాల పేజీలో ఒకే మాట పదేపదే కనిపిస్తే, తప్పు కుట్టులో కాదు, జాబితాలో ఉందని తెలుసుకోవాలి.

తర్వాత పద్ధతి మార్చాం. ప్రతి నమూనాకూ నాలుగు పొడవులను నాలుగు విడి వరుసలుగా రాశాం. పొడవు గడిలో 56, ఛాతీ గడిలో చుట్టుకొలత, చేతి పొడవు విడిగా, అన్నీ టేపుతో కొలిచినవే. వివరణలో "పొడవు 56 అంగుళాలు, భుజం నుండి పాదం దాకా, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు ఉన్నవారికి" అని స్పష్టంగా పెట్టాం. రెండో ఫొటోగా అబాయా పక్కన టేపు పరిచి తీసినది చేర్చాం. ప్రతి వరుసకూ మనం ఇచ్చుకునే సొంత గుర్తు ఒకటుంటుంది, దాన్ని SKU అంటారు. దాన్ని 0156 వంటి అంకెలతో మొదలుపెట్టవద్దు. ఎక్సెల్ పట్టిక ముందున్న సున్నాను మింగేస్తుంది. NIDA-BLK-56 అన్నట్టు అక్షరాలతో మొదలుపెడితే గుడ్డ, రంగు, పొడవు మూడూ ఒక్క చూపులో తెలుస్తాయి. మూట కట్టేటప్పుడు తప్పు అబాయా పెట్టే ప్రమాదమూ తగ్గుతుంది. నిదా అంటే పాలిస్టర్ గుడ్డ రకమే. గుడ్డ గడిలో పాలిస్టర్ అనే రాయాలి. పట్టు అనో నూలు అనో రాస్తే అది అబద్ధపు ప్రకటన.

ఒక గడి విషయంలో మా సోదరి చాలాసేపు ఆగిపోయారు. తయారీదారు పేరు, చిరునామా అక్కడ రాయాలి, కొనేవారికి అది కనిపిస్తుంది. ప్యాకెట్లలో అమ్మే సరుకులకు తయారీదారు వివరాలు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన దేశం చూపాలని తూనికలు కొలతల చట్టం నిబంధన. ఆన్‌లైన్ అమ్మకాలకూ అది వర్తిస్తుంది. "నా పేరు, ఇంటి నంబరు లోకమంతా చూస్తుందా?" అని ఆమె అడిగారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి మాకు మనసొప్పలేదు. దుకాణానికి వేరే పేరు పెట్టుకోవచ్చు. జాబితా పైన ఆ పేరే కనిపిస్తుంది. తయారీ చిరునామా మాత్రం నిజమైనదే ఇవ్వాలి. ఆమె, పక్క సందులోని మరో ఇద్దరు కుట్టేవారు కలిసి ఒక చిన్న గదిని అద్దెకు తీసుకొని మిషన్లు అక్కడికి మార్చారు. ఇప్పుడు జాబితాలో ఉన్నది ఆ గది చిరునామా. అందరికీ ఇది సాధ్యం కాదని మాకు తెలుసు. చిరునామాకు బదులు అధికారికమైన ఒక నమోదు సంఖ్యను చూపే వెసులుబాటును ఇంట్లో పనిచేసే స్త్రీల కోసం ప్రభుత్వం కల్పించాలన్నది మా అభిప్రాయం. ఇది ముస్లిం స్త్రీలకే సంబంధించినది కాదు గాని, పరదా పాటించే కుటుంబాలను ఇది ముందుగా ఆపేస్తున్నది.

డబ్బు చేరే పద్ధతి ఆఖరిది. అమ్ముడైన వెంటనే డబ్బు రాదు. సరుకు చేరి, వాపసు గడువు గడిచాక, మార్కెట్ నిర్ణయించిన రోజున, కోతలన్నీ పోను మిగిలినది వస్తుంది. మన సోదరి రెండు విడతల లెక్కనే చూద్దాం. అబాయా 750, గుడ్డ, దారం, లేసు, ప్యాకింగు కలిపి 360. అందిన ప్రతి ఆర్డరుకూ మార్కెట్ రుసుము, రవాణా కలిపి 110 పోయాయనుకుందాం. వాపసు వచ్చిన ప్రతిదానికీ 170. ఈ రేట్లు మార్కెట్‌ను బట్టి, బరువును బట్టి మారుతుంటాయి. మొదటి విడతలో పదింటికి నాలుగు వాపసు. ఆరు అమ్ముడుపోగా 4500, రుసుములు 660, వాపసుల ఖర్చు 680. చేతికి వచ్చినది 3160. ఆరింటి ముడిసరుకు 2160 తీసేస్తే మిగిలినది 1000 రూపాయలు. కొలతలు దిద్దిన తర్వాతి విడతలో పదింటికి రెండే వాపసు. ఎనిమిదింటికి 6000, రుసుములు 880, వాపసుల ఖర్చు 340. వచ్చినది 4780. ముడిసరుకు 2880 పోను మిగిలినది 1900. రెండు విడతల్లోనూ ఆమె కుట్టినవి పదే. పట్టికలో మూడు గడులు సరిగా నింపడం వల్ల కూలి దాదాపు రెట్టింపయింది. ఈ లెక్క చూపాకనే మరిది గారు కూడా కాగితం, కలం తీసుకొని కూర్చున్నారు. ఇప్పుడు ఆర్డర్ల పట్టిక ఆయనే రాసి పెడుతున్నారు. పేరు, డబ్బు మాత్రం వదినవే.

ఖాతాకు ఇచ్చే మొబైలు నంబరు ఆమెదే అయి ఉండాలి. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో తాళంచెవి వారిదే. రెండు వేలు తీసుకొని ఖాతాలు తెరిచిపెట్టే కుర్రాళ్లు తమ నంబరూ, తమ ఈమెయిలూ పెట్టేస్తున్నారు. ఆ కుర్రాడు ఫోను మార్చినా, మాట మార్చినా, బ్యాంకు ఖాతా మార్చడానికి కూడా అతని చుట్టూ తిరగాలి. "మీ పేమెంటు ఆగింది, ఓటీపీ చెప్పండి" అని వచ్చే ఫోన్లు మోసాలే. మార్కెట్ వారు ఓటీపీ అడగరు. వడ్డీకి దూరంగా ఉండదలచినవారు పొదుపు ఖాతాకు బదులు కరెంటు ఖాతా కోరుకోవచ్చు. దానిలో వడ్డీ రాదు. ఉంచవలసిన కనీస నిల్వ ఎంతో మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి. కొన్ని మార్కెట్లు అమ్మకందారులకు అప్పు ఇప్పిస్తామనీ, డబ్బు ముందే ఇస్తామనీ తెరపై మెరిపిస్తాయి. అది ఉచితం కాదు. ఎంత కోస్తారో చదవకుండా ఆ మీట నొక్కవద్దు.

మేము అడిగేవి రెండే. ఒకటి, SK అన్నా SHAIK అన్నా ఒకే మాట అని బ్యాంకులకు, మార్కెట్లకు తెలియాలి. యంత్రం తిరస్కరించిన పేరును మనిషి చూసి తేల్చే మార్గం ప్రతి ఖాతాకూ ఉండాలి. ఎందుకు తిరస్కరించారో ఆ పేజీలోనే రాయాలి. షరతులు పెట్టే హక్కు మార్కెట్లకు ఉంది. కారణం చెప్పకుండా ఒక సముదాయపు పేర్లను పదేపదే వెనక్కి నెట్టే హక్కు లేదు. రెండు, ఎన్‌రోల్‌మెంట్ నంబరువారికి రాష్ట్ర సరిహద్దు కంచెను సడలించాలి. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారమని ప్రభుత్వమే ఒప్పుకున్న చిన్నవారికి పొరుగు రాష్ట్రాన్ని మూసివేయడం వల్ల ఖజానాకు చేరేది ఎంతో మాకు అర్థం కావడం లేదు. అది తొలగేదాకా మైనారిటీ ఆర్థిక సంస్థలు, మసీదు కమిటీలు, మన సేవా సంఘాలు నెలకు ఒక రోజు కేటాయించి, పాన్, ఆధార్, బ్యాంకు పేర్లను పక్కపక్కన పెట్టి చూసే బల్ల ఒకటి ఏర్పాటు చేయాలని కోరుతున్నాం. దానికి కావలసినది ఒక కంప్యూటరు, ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు. వారిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి.

ఆ సోదరి ఖాతాలో ఇప్పుడు పన్నెండు నమూనాలున్నాయి. గుంటూరు నుండి, కడప నుండి, ఎన్నడూ చూడని అనకాపల్లి నుండి ఆర్డర్లు వస్తున్నాయి. అలంపురంలో ఉన్న ఆమె చెల్లెలు మాత్రం ఫోనులో అబాయా చూసి, "ఆపా, ఇక్కడికి రాదంటోంది" అని నవ్విందట. ఆదివారం బస్సెక్కి వచ్చి తనే తీసుకెళ్లింది.